30 రోజుల్లో 15 కిలోలు తగ్గుతారా?

ప్రశ్న: నా వయస్సు 23 సంవత్సరాలు. బి.కాం. చదివి కర్నూలులో ఉంటున్నాను. మా అక్క భర్త ఇక్కడ సి క్యాంపు దగ్గర జిమ్ము నడుపుతున్నారు. కడపలో కూడా ఒకటి తెరవాలని ఆయన ఉద్దేశం. రోజుకొక చిన్న వీడియో తీసి ఫోనులో పెడుతుంటాము. చెప్పేది బావగారు, రాసేది నేను. వీడియో మొదలవగానే చూసేవాళ్లను ఆపే వాక్యం ఒకటి ఉండాలి, దాన్ని హుక్ అంటారు. కింద రాసే నాలుగు మాటలు క్యాప్షను. ఈ రెండూ నా పని. ఇప్పుడు బావగారు "30 రోజుల్లో 15 కిలోలు తగ్గండి, గ్యారంటీ" అని రాయమంటున్నారు. అందరూ అలాగే రాస్తున్నారట, మనం రాయకపోతే ఎవరూ రారట. నాకేమో చెయ్యి రావడం లేదు. మా వీధిలో ఒక పిన్ని ఉంది. 42 ఏళ్లు, షుగరుకు బిళ్లలు వాడుతుంది. ఎక్కడిదో ఇలాంటి వీడియోనే చూసి రాత్రి భోజనం మానేసి, పొద్దున పరగడుపున బిళ్ల వేసుకుని, ఇంట్లోనే గంటసేపు గెంతి కళ్లు తిరిగి పడిపోయింది. నుదుటికి నాలుగు కుట్లు పడ్డాయి. జనం ఆగి చూసేలాగానూ ఉండాలి, అబద్ధమూ కాకూడదు. ఏం రాయాలి? ఎన్ని కిలోలని రాయవచ్చు?
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: మీరు అడిగినది మాటల గురించే అయినా ఈ శీర్షికలో జవాబు చెప్పవలసిన ప్రశ్నే. ఆ మాట నమ్మి పడిపోయినవాళ్లు చివరకు వచ్చేది మా దగ్గరికే గదా. ముందు బావగారి లెక్క చూద్దాం. కాగితం, పెన్సిలు చాలు.

ఒక కిలో కొవ్వు కరగాలంటే, తిన్నదానికంటే సుమారు 7,700 కేలరీలు ఎక్కువగా ఖర్చు కావాలి. 15 కిలోలంటే 1,15,500 కేలరీలు. దాన్ని 30 రోజులకు పంచితే రోజుకు 3,850. ఇంటిపని చేసుకునే 78 కిలోల గృహిణి శరీరం రోజు మొత్తం మీద, నిద్రతో సహా, ఖర్చుపెట్టేది సుమారు 2,000 కేలరీలు. అంటే ఆవిడ 30 రోజులూ పచ్చి మంచినీళ్లు మాత్రమే తాగి పడుకున్నా 15 కిలోల కొవ్వు పోదు. దానికి సగం దగ్గర ఆగిపోతుంది. ఈ లెక్క బావగారికి చూపించండి. ఆయన శిక్షకుడు, ఆయనకు తెలియనిది కాదు. పోటీలో పడి మరచిపోయి ఉంటారు.

"మరి మొదటి వారంలోనే మూడు కిలోలు తగ్గినవాళ్లను నేను కళ్లారా చూశాను" అని ఆయన అనవచ్చు. నిజమే, చూసి ఉంటారు. మన కండరాల్లోనూ కాలేయంలోనూ గ్లైకోజన్ అనే పిండిపదార్థం సుమారు అరకిలో దాకా నిలవ ఉంటుంది. ఒక్కొక్క గ్రాము గ్లైకోజను తనతో సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం, సంగటి ఒక్కసారిగా తగ్గించగానే ఈ నిలవ ఖర్చయిపోయి దానితోపాటు నీళ్లూ పోతాయి. ఉప్పు తగ్గితే ఇంకొంత నీరు, తిండి తగ్గితే పేగుల్లో ఉండే బరువు కొంత. తూకం ముల్లు గబగబా దిగుతుంది. ఇందులో కొవ్వు పాలు చాలా తక్కువ. ఒక పెళ్లి భోజనం చేసి వస్తే ముల్లు మళ్లీ పైకి పోతుంది. "7 రోజుల్లో తేడా చూడండి" అనే వీడియోలన్నీ ఈ నీళ్లమీద నడిచేవే.

ఇక నిజంగా ఎంత తగ్గవచ్చు? వారానికి అరకిలో నుంచి కిలో వరకు అని వైద్యులు చెబుతారు. కిలో అనేది బాగా బరువున్నవాళ్లకు, మొదటి రోజుల్లో. మామూలు ఇంట్లో, మామూలు వంటతో, పిల్లల పరీక్షలూ చుట్టాల రాకపోకలూ మధ్య బతికే మనిషికి అరకిలో అనుకుంటే న్యాయంగా ఉంటుంది. మితిమీరి వేగంగా తగ్గితే కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది, జుట్టు ఊడుతుంది, పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే ప్రమాదం పెరుగుతుంది. ఈ చివరి మాట చాలామందికి తెలియదు. లావుగా ఉన్న స్త్రీలు ఎడాపెడా పస్తులుండి బరువు తగ్గాక కుడివైపు డొక్కలో నొప్పితో వస్తుంటారు.

ఒక మనిషిని ఎదురుగా పెట్టుకుని మాట్లాడితే మీకు రాయడం తేలిక. 40 ఏళ్ల ఆవిడ, షుగరు లేదు, ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు, నడుము చుట్టుకొలత 98 సెంటీమీటర్లు అనుకోండి. మన దేశపు స్త్రీలకు నడుము 80 దాటితే, పురుషులకు 90 దాటితే జాగ్రత్తపడాలని లెక్క. ఈవిడ రోజుకు నాలుగు టీలు తాగుతుంది, ఒక్కొక్కదానికి రెండు చెంచాల చక్కెర. దాన్ని అర చెంచాకు తెస్తే 120 కేలరీలు మిగులుతాయి. తన వంతు నూనెలో రోజుకు ఒక పెద్ద గరిటెడు, అంటే 15 మిల్లీలీటర్లు తగ్గితే ఇంకో 120. సాయంత్రం రెండు గుప్పిళ్ల చెనిక్కాయలు తినేచోట కాస్త మిగిల్చితే మరో 60. ఇవన్నీ కలిపి 300. రోజూ 45 నిమిషాలు చురుగ్గా నడిస్తే సుమారు 200. మొత్తం రోజుకు 500, వారానికి 3,500. అంటే వారానికి అరకిలోకు కొంచెం తక్కువ. 12 వారాలకు లెక్క ప్రకారం సుమారు ఐదున్నర కిలోలు రావాలి. బరువు తగ్గేకొద్దీ శరీరం ఖర్చు కూడా తగ్గించుకుంటుంది కనుకా, మధ్యలో పండగలు వస్తాయి కనుకా, మూడు నుంచి ఐదు అనుకోండి. సంగటి మానలేదు, జొన్నరొట్టె మానలేదు. ఏ పొడీ కొనలేదు.

నాలుగైదు కిలోలు వినడానికి చప్పగా ఉంది కదూ? కాని ఆవిడ బరువులో నూటికి ఐదు పాళ్లంటే 3.9 కిలోలు. ఆమాత్రం తగ్గినా రక్తపోటు, రక్తంలో చక్కెర, కొవ్వులు మెరుగుపడడం మొదలవుతుంది. డాక్టరుకు ఇది పెద్ద విజయం. వీడియోకు చిన్నదిగా కనిపిస్తుంది. మీ చేతిలో ఉన్న పనల్లా ఈ చిన్నదాన్ని ఆసక్తిగా చెప్పడమే.

అందుకు ఆ 12 వారాల్లో ఒంట్లో ఏం జరుగుతుందో మీకు తెలియాలి. మొదటి రెండు వారాలు తూకం దిగుతుంది, అందరూ సంతోషిస్తారు. మూడో వారంలో ముల్లు ఆగిపోతుంది. నెలసరి ముందు రోజుల్లో ఒంట్లో నీరు చేరి కిలో పెరిగినట్టు కూడా చూపిస్తుంది. జిమ్ములు ఖాళీ అయ్యేది ఈ మూడో వారంలోనే. పదిహేను కిలోలని చెప్పి చేర్చుకున్నవాళ్లు అప్పుడు మోసపోయామనుకుంటారు. వాళ్లను నిలబెట్టే సంగతి ఒకటి ఉంది, దాన్నెవరూ వీడియో తీయరు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా అరనిమిషంలో మొదటి రోజు 9 సార్లు లేచిన మనిషి నాలుగో వారానికి 13 సార్లు లేవగలదు. కండ పెరిగి కాదు, అంత త్వరగా కండ పెరగదు. నరాలు కండరాలను బాగా పనిచేయించడం నేర్చుకుంటాయి. బలం ముందు వస్తుంది, ఆకారం తరువాత వస్తుంది. కంటికి కనిపించే కండకు రెండు నెలలైనా పడుతుంది. కొత్తగా మొదలుపెట్టిన కుర్రవాడు శ్రద్ధగా చేసి, బాగా తిన్నా నెలకు కిలో కండ పెరిగితే గొప్పే. మన తాలింఖానాల్లో దండేలు, బస్కీలు తీసిన పాతకాలపువాళ్లు దీన్ని నెలలతో కాదు, సంవత్సరాలతో కొలిచేవాళ్లు.

ఇప్పుడు రాత సంగతి. హుక్కుకు మీకున్నది మూడు సెకన్లు. ఆ వ్యవధిలో తెరమీద తెలుగు అక్షరాలు తీరిగ్గా చదవగలిగేది ఆరేడు మాటలకు మించదు. అందులో ఒక మాట ఇవ్వక తప్పదు. దేని గురించి ఇస్తున్నారన్నదే తేడా. ఎదుటి మనిషి శరీరం ఏమవుతుందో మీ చేతిలో లేదు, అందుచేత దాని గురించి మాట ఇవ్వకండి. ఏం పని చేయిస్తారో, ఏం చూపిస్తారో మీ చేతిలో ఉంది. దాని గురించి ఇవ్వండి.

బావగారి వాక్యాన్నే తీసుకుని దిద్దుదాం. "30 రోజుల్లో 15 కిలోలు, గ్యారంటీ" అబద్ధమని తేలింది. "15 కిలోల వరకు" అని ఒక తోక తగిలిస్తే? కొందరు అలా తప్పించుకుంటారు. చదివేవాడి మనసులో మిగిలేది 15 మాత్రమే, "వరకు" గాలికి పోతుంది. అంకె తీసేసి "30 రోజుల్లో మీ రూపమే మారిపోతుంది" అంటే? అది ఇంకా అధ్వాన్నం, పట్టుకుని అడగడానికి కూడా ఏమీ లేదు. "12 వారాలు. వారానికి 4 రోజులు. ఏం మారింది?" అని రాయండి. చూసేవాడు జవాబు కోసం ఆగుతాడు, మీరు అబద్ధమాడలేదు. పని ఎంత అన్నది ముందే చెప్పారు, ఫలితాన్ని వీడియోలో చూపిస్తారు.

మనిషిని ఆపడానికి అతని ఒంటి కష్టాన్నే అడగడం ఇంకొక దారి. "రెండో అంతస్తు ఎక్కేసరికి ఆయాసమా?" "నేలమీద కూర్చుంటే చెయ్యి ఆనించకుండా లేవగలరా?" ఈ రెండోది చదివినవాళ్లలో సగంమంది ఫోను పక్కన పెట్టి అక్కడే కూర్చుని లేచి చూసుకుంటారు. మోకాళ్ల నొప్పులవాళ్లు ప్రయత్నించవద్దని అదే తెరమీద రాయండి. మూడో దారి, ఊళ్లో తిరిగే అపోహను పట్టుకోవడం. మన వైపు మాటలోనే రాయండి, పత్రికల తెలుగు అక్కరలేదు. "సంగటి తింటే లావైతారా?" "మొదటి వారం పోయిన 2 కిలోలు కొవ్వు గాదు." ఈ రెండో వాక్యం నిజం చెబుతూనే ఎంత గట్టిగా ఆపుతుందో చూడండి. పైన చెప్పిన గ్లైకోజను, నీళ్ల కథను ముప్పై సెకన్లలో చెబితే ఆ వీడియో పూర్తవుతుంది. పోటీ జిమ్మువాడిని పేరు పెట్టి తిట్టనవసరం లేదు.

కొన్ని మాటలు మీ పుస్తకంలోంచి కొట్టివేయండి. "పొట్ట దగ్గరి కొవ్వు మాత్రమే కరుగుతుంది" అన్నది జరగదు. ఎన్ని పొట్ట వ్యాయామాలు చేసినా కొవ్వు ఎక్కడినుంచి ముందు పోవాలో శరీరమే నిర్ణయిస్తుంది. "ఒంట్లో విషాలు బయటికి పోతాయి" అన్నదానికి అర్థం లేదు, ఆ పని మూత్రపిండాలూ కాలేయమూ ఎలాగూ చేస్తున్నాయి. "షుగరు నయమవుతుంది" అని మాత్రం పొరపాటున కూడా రాయవద్దు. అది చదివి బిళ్లలు మానేసేవాళ్లుంటారు. ప్లాస్టిక్ సూటు వేసుకుని చెమటలు కక్కే దృశ్యాలు కూడా పెట్టకండి. చెమట నీరే, కొవ్వు కాదు. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, కడపల్లో ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు ఆ సూటుతో పరుగెత్తితే వడదెబ్బ తగిలి ప్రాణం మీదికి వస్తుంది.

ఫొటోల విషయం కొంచెం వివరంగా చెప్పాలి. ముందు, తరువాత అని పక్కపక్కన పెట్టే బొమ్మల్లో కొన్ని పది నిమిషాల తేడాతో తీసినవి కూడా ఉంటాయి. నమ్మకపోతే మీరే తీసి చూడండి. పొట్ట వదిలేసి, భుజాలు వంచి, నెత్తిన లైటు లేకుండా ఒకటి. ఊపిరి పీల్చి, ఛాతీ విరిచి, నడుము పైకి బట్ట లాగి, పక్కనుంచి వెలుతురు పడేలా, ఇరవై దండేలు తీసిన వెంటనే ఇంకొకటి. మనిషి ఐదు కిలోలు తగ్గినట్టే ఉంటాడు. అందుకని మీరు ఫొటో పెడితే అదే గోడ, అదే దూరం, అదే బట్టలు, ఉదయం అదే వేళ, రెంటికీ తేదీలు. నాకైతే ఫొటోకంటే టేపు నచ్చుతుంది. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ నడిమధ్య, ఊపిరి వదిలాక, బిగించకుండా చుట్టి చూడాలి. 98 ఉన్నచోట 93 కనిపిస్తే, ఆ టేపునే దగ్గరగా తీసి చూపించవచ్చు. మన ఊళ్లలో చాలామంది ఆడవాళ్లకు తమ బొమ్మ బయటికి పోవడం ఇష్టముండదు, ఉండనక్కరా లేదు. టేపులో ముఖం కనబడదు. ఎవరిదైనా బొమ్మ వాడితే కాగితం మీద అనుమతి తీసుకోండి, వాళ్లు తీసేయమన్న రోజున మారుమాట లేకుండా తీసేయండి.

బొమ్మ నిజమైనదే అయినా ఇంకొక మోసం ఉండవచ్చు. మొదలుపెట్టిన స్థితిని దాచడం. 1973లో అమెరికాలో కొలరాడో రాష్ట్రంలో ఒక ప్రయోగం జరిగింది. వ్యాయామ యంత్రాలు తయారుచేసే ఆర్థర్ జోన్స్ అనే ఆయన కేసీ వయేటర్ అనే యువకుడి చేత 28 రోజులు సాధన చేయించగా, అతని బరువు సుమారు 20 కిలోలు పెరిగింది. ఆ అంకెలు ప్రపంచమంతా తిరిగాయి. కాని వయేటర్ అంతకు రెండేళ్ల ముందే, 1971లో, మిస్టర్ అమెరికా బిరుదు పొందినవాడు. ప్రయోగానికి కొద్ది నెలల ముందు ప్రమాదంలో వేలు పోయి, ఇంజెక్షను పడక ప్రాణాపాయం దాకా వచ్చి, సాధన మానేసి బాగా చిక్కిపోయాడు. అతను సంపాదించింది కొత్త కండ కాదు, పోగొట్టుకున్న కండే తిరిగి వచ్చింది. ఒకప్పుడు ఉన్న కండ తిరిగి రావడం చాలా త్వరగా జరుగుతుంది. కాబట్టి మీ జిమ్ములో ఎవరిదైనా కథ చెబితే, అతను ఇదివరకు ఆటగాడా, జబ్బుపడి లేచినవాడా, ప్రసవమైన ఆవిడా అన్నది క్యాప్షనులో ఉండి తీరాలి.

అన్నిటికన్నా బాగా తగ్గిన ఒక్కరినే చూపించడం కూడా అలాంటిదే. జనవరిలో 20 మంది చేరారనుకోండి. 12 వారాలయ్యేసరికి 11 మంది మిగిలారు. వాళ్లను తగ్గిన కిలోల వరుసలో నిలబెట్టండి. మొదటివాడు 9 కిలోలు తగ్గాడు, చివరివాడు కిలో పెరిగాడు, నడుమ ఉన్న ఆరోవాడు 3 కిలోలు తగ్గాడు. మీరు రాయవలసిన అంకె ఆ ఆరోవాడిది. తొమ్మిది కిలోలవాడి కథ చెప్పవచ్చు, కాని పక్కనే మూడు అంకె కూడా ఉండాలి. మానేసిన తొమ్మిది మంది సంగతి కూడా రాయాలంటాను నేను. బావగారు ఒప్పుకోకపోవచ్చు, అయినా అడిగి చూడండి.

అప్పుడు క్యాప్షను ఇలా తయారవుతుంది: "12 వారాలు, వారానికి 4 రోజులు. నడుము 98 నుంచి 93 సెంటీమీటర్లు, బరువు 78 నుంచి 74 కిలోలు. సంగటి మానలేదు, టీలో చక్కెర, కూరలో నూనె తగ్గించారు, రోజూ 45 నిమిషాలు నడిచారు. ఈ జట్టులో 20 మంది చేరితే 11 మంది చివరిదాకా ఉన్నారు, నడిమి ఫలితం 3 కిలోలు. షుగరు, బి.పి., గుండెజబ్బు మందులు వాడేవాళ్లు ముందు మీ డాక్టరును అడగండి." ఈ అంకెలు నేను ఉదాహరణకు వేసినవి, మీరు మీ పుస్తకంలోవి వేయండి. ఒక చిక్కుంది. క్యాప్షనులో మొదటి ఒకటి రెండు పంక్తులే కనిపిస్తాయి, మిగతాది నొక్కితే గాని తెరుచుకోదు. చాలామంది శబ్దం కూడా పెట్టరు. కనుక చివరి వాక్యం కింద దాగి ఉంటే లాభం లేదు, దాన్ని వీడియోలోనే, పెద్ద అక్షరాలతో, రెండు మూడు సెకన్లు నిలపాలి.

ఆ వాక్యం ఎందుకంత ముఖ్యమో మీ పిన్ని గారి సంగతి చెబితే తెలుస్తుంది. ఆవిడ వాడే బిళ్ల పేరు మీరు రాయలేదు. గ్లిమిపిరైడ్ వంటి రకమైతే, తిన్నా తినకపోయినా అది ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తూనే ఉంటుంది. రాత్రి పస్తు, పొద్దున బిళ్ల, ఆపైన గంటసేపు గెంతడం. మూడూ కలిసి రక్తంలో చక్కెర పడిపోయి ఉండాలి. చెమటలు, వణుకు, గుండెదడ, ఆకలి, తరువాత తికమక, ఆపైన స్పృహ తప్పడం, ఇదీ వరుస. తెలివి ఉన్నంతసేపు మూడు చెంచాల చక్కెర లేదా గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించి పావుగంట చూడాలి, తేరుకోకపోతే మళ్లీ ఇవ్వాలి. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోను చేయాలి. బావగారి జిమ్ములో చక్కెర డబ్బా ఒకటి అందుబాటులో ఉందా? లేకపోతే కడప సంగతి తరువాత, ముందు అది కొనమనండి. ఆవిడ మటుకు బిళ్ల వేళను, మోతాదును తన డాక్టరుతో మాట్లాడి సరిచేసుకున్నాకనే వ్యాయామం మొదలుపెట్టాలి.

చట్టం మాట కూడా ఒక ముక్క. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదారి పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. 2022లో వచ్చిన మార్గదర్శకాలు, పైన అబద్ధం రాసి కింద చిన్న అక్షరాల్లో దిద్దుకోవడం కుదరదని స్పష్టంగా చెబుతున్నాయి. కనుక "ఫలితాలు మారవచ్చు" అన్న గొడుగు మిమ్మల్ని తడవకుండా కాపాడదు. 2023 ఆగస్టులో వచ్చిన మరికొన్ని సూచనల ప్రకారం ఆరోగ్య సలహా చెప్పే శిక్షకుడు తనకున్న అర్హత ఏమిటో చెప్పాలి. స్థూలకాయం, మధుమేహం పోతాయని మందును ప్రచారం చేయడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. జిమ్ములో ఎవరైనా పొడి డబ్బాలు అమ్ముతూ వాటికి కూడా మీచేత హుక్ రాయించబోతే, ఆ సంగతి గుర్తుంచుకోండి.

"ఎవరూ రారు" అన్న బావగారి భయానికి నా దగ్గరున్న జవాబు లెక్కే. సి క్యాంపు జిమ్ముకు రాగలవాళ్లు నాలుగైదు కిలోమీటర్ల లోపలివాళ్లు. హైదరాబాదులోనూ బెంగుళూరులోనూ లక్షమంది చూస్తే ఆయనకు ఒక్క రూపాయి ఫీజు రాదు. వీడియోను ఎందరు చూశారని కాక, చూసి ఎందరు ఫోను చేశారు, చేరినవాళ్లలో ఎందరు నాలుగో వారంలో ఉన్నారు అని ఒక నోటు పుస్తకంలో రాయండి. ఒక నెల పదిహేను కిలోల మాటతో ఇదివరకు పెట్టినవి ఉంటే వాటి పక్కన, ఒక నెల కుర్చీ పరీక్షలాంటివి పెట్టి పోల్చండి. హుక్కులో ఊరిపేరు చేర్చితే దూరపువాళ్లు తగ్గి దగ్గరివాళ్లు ఆగుతారు.

వీడియోల కింద హైస్కూలు పిల్లలు "అన్నా, ఎత్తు పెరగాలంటే ఏం చేయాలి, నెలలో సిక్స్‌ప్యాక్ వస్తుందా" అని అడుగుతుంటారు, మీరూ చూసే ఉంటారు. ఎత్తును ఏ వ్యాయామమూ పెంచదు. అలాంటి పిల్లలకు ఆహారం సంగతి, పొడుల సంగతి అక్కడ రాయవద్దు. అమ్మనో నాన్ననో వెంటబెట్టుకుని ఒకసారి జిమ్ముకు రమ్మనండి.